పిల్లికి నెలకి ఎంత అవుద్ది? రేటు కాదు, లెక్క నేర్చుకోండి

"అక్కా, ఒక పిల్లిని తెచ్చుకుందాం అనుకుంటున్నా, నెలకి ఎంత పక్కన పెట్టాలో కరెక్ట్‌గా చెప్పు, ఫుడ్డు, లిట్టర్, ఇంజెక్షన్లు అన్నీ కలిపి."

సరే, నేను ఇప్పుడొక అంకె చెప్పేస్తే అది మీకు పనికిరాదు, ఎందుకంటే రేట్లు ఊరు ఊరుకీ మారతాయి, ఆర్నెల్లకి మళ్ళీ మారతాయి. కానీ పిల్లి తినే గ్రాములు మారవు కదా, పిల్లి ఒకటికీ రెంటికీ వెళ్ళే బాక్స్‌లోంచి బయటికి పోయే లిట్టర్, అంటే అందులో పోసే ఇసుక లాంటిది, అది కూడా పెద్దగా మారదు. అందుకే కేజీల్లో లెక్క కడదాం, రేటు మీరు వేసుకోండి. పిల్లి వచ్చేసి 4 కేజీలు, మగది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది, ఇంట్లోనే ఉంటుంది అనుకుందాం.

ముందు ఫుడ్. ఇలాంటి పిల్లికి రోజుకి 200 నుంచి 240 కిలో క్యాలరీలు, అంటే మనం మామూలుగా క్యాలరీలు అనేవే, చాలు, మధ్యలో 220 అనుకుందాం. ఇప్పుడు ప్యాకెట్ తిప్పి వెనక చూడండి, 100 గ్రాములకి ఎన్ని క్యాలరీలో చాలావాటి మీద రాసుంటుంది. డ్రై ఫుడ్ అయితే 350, 380, 400 ఇలా ఉంటుంది. 380 ఉంటే మన పిల్లికి రోజుకి 58 గ్రాములు, నెలకి దాదాపు కేజీ ముప్పావు. అంతే, అది మీ ఫుడ్ లైన్.

ఇక్కడ చాలామంది కేజీ రేటు చూసి చవక ప్యాకెట్ కొనేస్తారు, ఆ చవక దాంట్లో 100 గ్రాములకి 320 క్యాలరీలే ఉన్నాయనుకోండి, అప్పుడు అదే పిల్లికి రోజుకి 69 గ్రాములు పెట్టాలి, నెలకి 2 కేజీలు దాటిపోద్ది. కాబట్టి కేజీ రేటు పక్కన పెట్టి, రోజుకి ఎంత పడుతుందో చూడండి, అసలు తేడా అక్కడ తెలుస్తుంది. ఇంకోటి, పెద్ద బస్తా కొంటే కలిసొస్తుంది అంటారు, నిజమే, కానీ డ్రై ఫుడ్ ఓపెన్ చేశాక ఆరు వారాల్లోపు అయిపోవాలి, లేదంటే అందులో కొవ్వు పాడై వాసన మారిపోతుంది, పిల్లి మూతి తిప్పుకుంటుంది. 3 కేజీల బ్యాగ్ మన ఒక్క పిల్లికి 50 రోజులు పైనే వస్తుంది, అంటే ఆఖర్లో కొంత పారబోయడమే. 2 కేజీలది అయితే నెల మీద నాలుగైదు రోజులు, ఒక్క పిల్లి ఇంటికి అదే సరైన సైజు.

వెట్ ఫుడ్ కూడా పెడతాను అంటే, నన్నడిగితే పెట్టండి, మగ పిల్లికి మరీను, కారణం కాసేపట్లో చెప్తా. 85 గ్రాముల పౌచ్‌లో సుమారు 70 క్యాలరీలు ఉంటాయి అనుకుంటే, రోజుకి ఒక పౌచ్ పెట్టి మిగతా 150 క్యాలరీలు డ్రైలో ఇవ్వాలి, అంటే 40 గ్రాములు. నెలకి 30 పౌచ్‌లు, కేజీ రెండొందల గ్రాముల డ్రై. పౌచ్ పెడుతూ డ్రై తగ్గించకుండా అంతే పోస్తే పిల్లి లావైపోద్ది, మీకు రెండు ఖర్చులూ పడతాయి. కిచెన్ స్కేల్ ఒకటి ఉంటే చాలు, కప్పుతో కొలిస్తే రోజూ ఐదారు గ్రాములు ఎక్కువే పడుతుంది, 58 గ్రాముల్లో ఐదారు అంటే పదో వంతు అండి, చిన్నది కాదు.

ఇప్పుడు లిట్టర్. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే జనం ఫస్ట్ కోత పెట్టేది దీని మీదే. గడ్డ కట్టే బెంటొనైట్ మట్టి లిట్టర్ అనుకోండి, బాక్స్‌లో ఒక 5, 6 సెంటీమీటర్ల ఎత్తు పోయాలి, మామూలు సైజు బాక్స్‌కి మొదటిసారి 6, 7 కేజీలు పట్టేస్తుంది. తర్వాత రోజూ గడ్డలు తీసేసి, ఎంత తగ్గిందో అంత పైన పోస్తూ ఉంటాం. పెద్ద పిల్లి రోజుకి రెండు నుంచి నాలుగు సార్లు యూరిన్ పోస్తుంది, ఆ గడ్డలతో పాటు రోజుకి 150, 200 గ్రాముల లిట్టర్ పోయిందనుకుంటే నెలకి అయిదు, ఆరు కేజీలు. మీ పిల్లిది కరెక్ట్‌గా తెలియాలంటే ఒక వారం పాటు తీసిన గడ్డల కవర్‌ని రోజూ తూయండి, దాంట్లో యూరిన్ బరువు కూడా ఉంటుంది కాబట్టి అసలు లిట్టర్ అంతకన్నా తక్కువే, మీ లెక్క సేఫ్ సైడ్‌లో ఉంటుంది. ఇక బాక్స్ మొత్తం పారబోసి కడిగే నెలలో ఇంకో ఆరేడు కేజీలు ఎక్స్‌ట్రా పడుతుంది, అది తగ్గాలంటే కడిగే ముందు వారం పైన పోయడం తగ్గించండి, ఉన్నదాన్నే వాడేస్తే పారబోసేది ఒక కేజీ దాకా తగ్గుతుంది.

గడ్డ కట్టని లిట్టర్ చవకగా దొరుకుతుంది, కానీ యూరిన్ అడుక్కి దిగిపోయి మొత్తం తడిసిపోద్ది కాబట్టి వారం వారం బాక్స్ అంతా మార్చాలి, అలా చూస్తే పెద్దగా మిగిలేది ఏం ఉండదు. దాని కన్నా పెద్ద నష్టం ఏంటంటే, గడ్డలు లెక్కపెట్టే ఛాన్స్ పోతుంది. పొద్దున్న స్కూప్ వేయగానే నేను చూసేది అదే, మూడు గడ్డలు, నిమ్మకాయంత సైజు, అంటే రాత్రి అంతా బాగానే ఉన్నాడు అని. మూడు కాస్తా ఐదారై, సైజు కూడా పెరిగిందంటే నీళ్ళు ఎక్కువ తాగుతోంది, కిడ్నీయో షుగరో టెస్ట్ చేయించాలి. అసలు గడ్డే లేదనుకోండి, లేదంటే బఠాణీ గింజంత చుక్కలు అక్కడక్కడ ఉన్నాయనుకోండి, అది ఎమర్జెన్సీ, ఆ రోజు కోసమే మన నాలుగో లైన్, ఎమర్జెన్సీ ఫండ్.

దానికి ముందు వ్యాక్సిన్లు, ఇది తొందరగా అయిపోతుంది. పిల్ల పిల్లి అయితే మొదటి సంవత్సరం ఖర్చు వేరు, దాన్ని నెల బడ్జెట్‌లో కలపొద్దు, ముందే చేతిలో ఉంచుకోండి. పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, క్యాలిసివైరస్ మూడింటికీ కలిపి ఒకే ఇంజెక్షన్, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకి ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేస్తారు. ఆఖరిది మానేస్తే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ముందు డోసుల్ని పనిచేయనీకపోయే ఛాన్స్ ఉంది, అందుకే అది మానకూడదు. దానికి తోడు రేబిస్, నులిపురుగుల మందు, ఆపరేషన్. పెద్దయ్యాక ఆ మూడు జబ్బులదీ చాలా పిల్లులకి మూడేళ్ళకోసారి చాలు, రేబిస్ మాత్రం టీకా రకాన్ని బట్టీ మీ దగ్గరి రూల్‌ని బట్టీ ఉంటుంది. కాబట్టి ఒక ఏడాదికి ఒక చెకప్, ఆ ఏడు పడే ఇంజెక్షన్లు, డీవార్మింగ్ ఒక నాలుగు సార్లు, బొచ్చులో పట్టే ఫ్లీ పురుగుల మందు డాక్టర్ చెప్పినన్ని నెలలు, ఇవన్నీ కూడి 12తో భాగించండి, అంతే. ఇంజెక్షన్ లేని ఏడాది కూడా అంతే పక్కన పెట్టండి, వచ్చే ఏడాదికి ఉంటుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా, డబ్బు మిగులుద్దని కుక్కల ఫ్లీ మందు పిల్లికి వేయకండి, వాటిల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం, వణుకు వచ్చి ఫిట్స్ దాకా వెళ్ళిపోద్ది.

ఇప్పుడు ఎమర్జెన్సీ ఫండ్. ఎంత ఉండాలి అంటే అందరూ ఏదో ఒక రౌండ్ ఫిగర్ చెప్తారు, నేను చెప్పేది ఏంటంటే ఒక నిజమైన జబ్బు పట్టుకుని దాని బిల్లుని టార్గెట్‌గా పెట్టుకోండి. మగ పిల్లికి ఆ జబ్బు యూరిన్ బ్లాక్. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, అందులో మ్యూకస్, క్రిస్టల్స్ కలిసి ముద్దలా అడ్డం పడితే చుక్క కూడా రాదు. పిల్లి బాక్స్‌లోకి వెళ్తుంది, ముక్కుతుంది, బయటికొస్తుంది, మళ్ళీ వెళ్తుంది, అరుస్తుంది, కింద నాకుతూనే ఉంటుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని రేపు చూద్దాంలే అంటారు, అక్కడే పోతుంది ప్రాణం. లోపల పొటాషియం పెరిగిపోయి గుండె ఆగిపోతుంది, రెండు మూడు రోజుల కన్నా టైం ఉండదు, ఒక్కోసారి అంత కూడా ఉండదు. ఆస్పత్రిలో మత్తు ఇచ్చి క్యాథెటర్ వేయాలి, సెలైన్ పెట్టాలి, బ్లడ్ టెస్టులు మళ్ళీ మళ్ళీ చేయాలి, రెండు మూడు రోజులు అడ్మిషన్.

కాబట్టి పిల్లిని తెచ్చే ముందే మీ దగ్గర్లో క్లినిక్‌కి ఫోన్ చేసి ఇలా అడగండి, "డాక్టర్ గారూ, మగ పిల్లికి యూరిన్ బ్లాక్ అయితే క్యాథెటర్, మూడు రోజుల అడ్మిషన్, టెస్టులు అన్నీ కలిపి సుమారు ఎంతవుతుందండి, రాత్రి పూట వస్తే ఎంత ఎక్కువ?" అని. రాత్రి పూట ఎవరు తీసి ఉంటారో కూడా అప్పుడే అడిగి నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. వాళ్ళు చెప్పిన అంకెకి ఇంకో సగం కలపండి, ఎందుకంటే ఒకసారి బ్లాక్ అయిన పిల్లికి మళ్ళీ అవ్వడం మామూలే, డిశ్చార్జ్ అయిన కొద్ది రోజుల్లోనే తిరిగి తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. బిల్లు 100 అనుకుంటే మీ టార్గెట్ 150. అందులో సగం, 75, పిల్లి ఇంటికి వచ్చే రోజుకే ఉండాలి, మిగతా 75 నెలకి ఆరుంపావు చొప్పున ఏడాదిలో నింపేయొచ్చు. ఇన్సూరెన్స్ ఉందిగా అంటారేమో, చాలావాటిల్లో ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేయాలి, మొదట్లో వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది, కాబట్టి ఆ రాత్రికి క్యాష్ కావాల్సిందే.

ఇందాక వెట్ ఫుడ్ పెట్టమన్నది ఇందుకే, దాంట్లో 75, 80 శాతం నీళ్ళే, ఒంట్లోకి నీళ్ళు ఎక్కువ వెళ్తే యూరిన్ పలచగా ఉంటుంది. బ్లాక్ అవ్వదని గ్యారంటీ ఏం కాదు, కానీ ఒకసారి అయిన పిల్లికి డాక్టర్లు మొదట చెప్పేది నీళ్ళు పెంచమనే, దాంతో పాటు యూరినరీ డైట్ రాస్తారు, అది మామూలు ఫుడ్ కన్నా ఖరీదు, అప్పుడు మీ ఫుడ్ లైన్ మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకోవాలి.

నెల టైట్‌గా ఉంటే ఎక్కడ తగ్గించొచ్చు అంటే, ట్రీట్స్, ఖరీదైన బొమ్మలు, ఫౌంటెన్లు, సెంటు లిట్టర్, ఇవన్నీ తీసేయండి, పిల్లికి పెద్దగా తేడా ఉండదు, సెంటు వాసన చాలా పిల్లులకి అసలు పడదు కూడా. ఫండ్ లైన్ మాత్రం ముట్టుకోకండి. టార్గెట్ నిండిపోయాక కూడా ఆ ఆరుంపావు ఆపకండి, దాన్ని ఇంకో కవర్‌లోకి మళ్ళించండి, పిల్లికి ఏడెనిమిదేళ్ళు దాటాక ఏడాదికోసారి కిడ్నీ, థైరాయిడ్ బ్లడ్ టెస్టు, పళ్ళ క్లీనింగ్ అవసరం పడతాయి, పళ్ళకి మత్తు ఇవ్వాలి కాబట్టి దాని బిల్లు కూడా చిన్నదేం కాదు.