మీథేన్ లెక్కలో నీళ్ళు చేసిన మోసం

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక లెక్క చేద్దాం. కార్బన్, హైడ్రోజన్ కలిసి మీథేన్ అయితే ఎంత వేడి వెలువడుతుంది?

```
C(s, graphite) + 2H2(g) → CH4(g)    ΔH = ?
```

కేలరీమీటర్‌లో పెట్టి కొలిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. కుదరదు. గ్రాఫైట్‌నూ హైడ్రోజన్‌నూ మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు కలిపి ఉంచినా ఏమీ జరగదు. బాగా వేడిచేస్తే చర్య మొదలవుతుంది కానీ పూర్తిగా జరగదు, పైగా మీథేన్ ఒక్కటే రాదు, వేరే హైడ్రోకార్బన్లు కూడా తోడొస్తాయి. అప్పుడు కొలిచిన వేడిలో ఏది దేని వాటానో ఎవరు చెప్పగలరు?

కాని ఈ మూడు పదార్థాలూ శుభ్రంగా మండుతాయి. గ్రాఫైట్, హైడ్రోజన్, మీథేన్ ఒక్కొక్కదాన్నీ ఆక్సిజన్‌లో మండించి, వచ్చే వేడిని కొలవడం సులువు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మోల్‌కు కిలోజౌళ్ళలో ఆ విలువలు ఇవి, వేడి బయటికి వస్తుంది కనుక మైనస్ గుర్తు.

```
(1) C(s, graphite) + O2(g) → CO2(g)     −393.5
(2) H2(g) + ½O2(g) → H2O(l)             −285.8
(3) CH4(g) + 2O2(g) → CO2(g) + 2H2O(l)  −890.3
```

ఈ మూడింటి నుంచి మనకు కావలసిన నాలుగో దాన్ని రాబట్టవచ్చునని చెప్పేదే హెస్ నియమం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త హెస్ 1840లో దీన్ని ప్రకటించాడు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్ళు కలిపినా వేడి పుడుతుంది, దాన్ని అమ్మోనియాతో తటస్థీకరించినా వేడి పుడుతుంది. ముందు ఎన్ని నీళ్ళు కలిపినా సరే, రెండు మెట్లలో వచ్చిన వేడిని కూడితే మొత్తం ఒకటే అవుతోందని ఆయన గమనించాడు. శక్తి నిత్యత్వ సూత్రం అప్పటికింకా స్థిరపడలేదు. ఈ రోజు మనం అదే సంగతిని ఇంకోలా చెబుతాం: ఎంథాల్పీలో వచ్చే మార్పు, అంటే పైన ΔH అని రాసింది, బయలుదేరిన చోటు, చేరిన చోటు మీదే ఆధారపడుతుంది, నడిచిన దారి మీద కాదు.

ఇక లెక్కలోకి వద్దాం. చాలామంది ఇక్కడ మొదట అంకెల వైపు చూస్తారు. 393, 285, 890, వీటిని ఎలా కలిపితే బాగుంటుందా అని. నేను చెప్పేది ఒక్కటే, అంకెలను చేత్తో మూసేయండి. ముందు సమీకరణాల పని పూర్తి చేయండి.

కావలసిన చర్యలో ఉన్న పదార్థాలను ఒక్కొక్కటిగా తీసుకుని, అవి ఇచ్చిన వాటిలో ఎక్కడున్నాయో చూడండి. గ్రాఫైట్ (1)లో మాత్రమే ఉంది, ఎడమవైపే ఉంది, ఒక మోలే ఉంది. కనుక (1)ని ఉన్నదున్నట్టు ఉంచేద్దాం. హైడ్రోజన్ (2)లో మాత్రమే ఉంది, కానీ మనకు రెండు మోల్స్ కావాలి. అంటే (2) మొత్తాన్నీ 2తో గుణించాలి, దాని వేడితో సహా. మీథేన్ (3)లో ఉంది కానీ ఎడమవైపు ఉంది, మనకు కుడివైపు కావాలి. కనుక (3)ని తిరగేయాలి. తిరగేస్తే గుర్తు కూడా మారుతుంది. మండినప్పుడు 890.3 కిలోజౌళ్ళు బయటికి వచ్చాయంటే, అదే చర్య వెనక్కి నడిస్తే అంత వేడినీ లోపలికి తీసుకోవాల్సిందే.

ఆక్సిజన్ గురించి అసలు ఆలోచించలేదు చూశారా? అది మూడు సమీకరణాల్లోనూ ఉంది, దాన్నుంచి మొదలుపెడితే దారి తప్పుతాం. దాన్ని చివరికి వదిలేస్తే, లెక్క సరిగ్గా ఉందో లేదో అదే చెబుతుంది.

```
C(s, graphite) + O2(g) → CO2(g)         −393.5
2H2(g) + O2(g) → 2H2O(l)                −571.6
CO2(g) + 2H2O(l) → CH4(g) + 2O2(g)      +890.3
```

ఇప్పుడు కూడండి. ఎడమవైపు ఆక్సిజన్ ఒకటి, ఒకటి, మొత్తం రెండు. కుడివైపు రెండు. కొట్టేయండి. కార్బన్ డయాక్సైడ్ అటొకటి ఇటొకటి, పోయింది. నీళ్ళు రెండు, రెండు, పోయాయి. మిగిలింది సరిగ్గా మనకు కావలసిన చర్యే. ఇప్పుడు అంకెల మీద నుంచి చెయ్యి తీయండి. −393.5 − 571.6 + 890.3 = −74.8 కిలోజౌళ్ళు.

హైడ్రోజన్‌ను 2తో గుణించడం మరిచిపోయారనుకోండి, +211.0 వస్తుంది. అంకెను చూసి తప్పు పట్టలేం. కానీ సమీకరణాలను కూడి చూస్తే ఎడమవైపు ఆక్సిజన్ ఒకటిన్నర, కుడివైపు రెండు. అర మోల్ కుడివైపు మిగిలిపోతుంది. కావలసిన చర్యలో లేని పదార్థం మిగిలిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఈ పరీక్షకు కూడా దొరకని తప్పు ఒకటుంది. అది నేను చదువుకునే రోజుల్లో స్వయంగా చేసిందే. పట్టికలో హైడ్రోజన్ దహనానికి −241.8 కనిపించింది, దాన్నే తీసుకున్నాను. లెక్క తప్పు లేకుండా చేశాను, అన్నీ చక్కగా కొట్టేసుకున్నాయి. −393.5 − 483.6 + 890.3, అంటే +13.2. మీథేన్ ఏర్పడటం ఉష్ణగ్రాహక చర్య అని ఎంతో ధీమాగా రాసి ఇచ్చాను.

ఏం జరిగిందంటే, −241.8 అనేది నీటి ఆవిరి ఏర్పడినప్పటి విలువ. మీథేన్ దహనానికి వాడిన −890.3 మాత్రం ద్రవ నీటితో లెక్కగట్టింది. ఒక మోల్ నీరు ఆవిరి కావడానికి 25 డిగ్రీల దగ్గర 44.0 కిలోజౌళ్ళు కావాలి. రెండు మోల్స్‌కు 88.0. అంత తేడా వస్తే జవాబు గుర్తే తారుమారైంది. నేను H2O అని రాసి ఊరుకున్నాను కాబట్టి రెండూ ఒకటే అనిపించి కొట్టేశాను. పక్కన (g), (l) అని రాసి ఉంటే అవి కొట్టుకుపోయేవే కాదు, ఇలా మిగిలేవి:

```
C(s, graphite) + 2H2(g) + 2H2O(l) → CH4(g) + 2H2O(g)    +13.2
```

ఒకరకంగా నా +13.2 తప్పు జవాబు కాదు, వేరే ప్రశ్నకు సరైన జవాబు. మీథేన్ ఏర్పడుతూ పక్కన రెండు మోల్స్ నీరు ఆవిరైతే పట్టే వేడి అది. గ్రాఫైట్ బదులు వజ్రం విలువ వాడినా ఇదే కథ, కాకపోతే అక్కడ తేడా 1.9 కిలోజౌళ్ళే కనుక ఎవరి కంటా పడదు.

మరొక్క సంగతి. మన జవాబు 74.8, కానీ అది వందల్లో ఉన్న అంకెల మధ్య తేడాగా వచ్చింది. మీథేన్ దహనాన్ని కొలవడంలో ఒక శాతం తప్పు పోయిందనుకుందాం. 890లో ఒక శాతం అంటే దాదాపు 9 కిలోజౌళ్ళు. ఆ 9 అలాగే జవాబులోకి దిగుతుంది, అక్కడది ఒక శాతం కాదు, 12 శాతం. అందువల్ల దహనాల నుంచి ఇలాంటి చిన్న విలువను రాబట్టాలంటే మొదటి కొలతలు అసలు కావలసినదానికన్నా ఎన్నో రెట్లు నిక్కచ్చిగా ఉండాలి. ప్రయోగశాలలో మీరు సాదాసీదా కేలరీమీటర్‌తో కొలిచిన దహన విలువలతో ఈ లెక్క చేస్తే, −74.8 బదులు −40 వచ్చినా, −110 వచ్చినా హెస్‌ను అనుమానించకండి, ముందు కేలరీమీటర్ నుంచి ఎంత వేడి బయటికి పోయిందో చూడండి.