కొలెన్సో నుంచి సోమ్ దాకా: పదాతి దళం వరుస ఎందుకు విడిపోయింది?

అందరికీ నమస్కారం. 1899 డిసెంబరు 15న దక్షిణాఫ్రికాలోని కొలెన్సో దగ్గర బ్రిటిష్ జనరల్ హార్ట్ తన ఐరిష్ బ్రిగేడ్‌ను టుగేలా నది వైపు నడిపించాడు. బయల్దేరే ముందు అరగంట డ్రిల్లు కూడా చేయించాడు. మనుషులంతా గుంపుగా, కవాతులో ఉన్నట్టే నడిచారు. కింది అధికారులు వాళ్లను దూరదూరంగా జరపబోతే హార్ట్ ఒప్పుకోలేదు.

అతను మూర్ఖుడని కొట్టిపారేయలేం. పాత తుపాకీతో నిమిషానికి రెండు మూడు గుళ్లకు మించి పేలవు. కాబట్టి గట్టి దెబ్బ తీయాలంటే వందల మంది పక్కపక్కనే నిలబడి ఒకేసారి కాల్చాలి. పైగా అధికారి కేక వినబడేంత దూరంలో ఉంటేనే సైనికుడు మాట వింటాడు. హార్ట్ నేర్చుకున్న యుద్ధం అదే.

ఎదురుగా, అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లయిన బోయర్ల చేతిలో మౌజర్ రైఫిళ్లున్నాయి. అయిదు గుళ్ల క్లిప్పును ఒక్క నొక్కుతో దించేసి, పడుకునే కాల్చుకోవచ్చు. పొగలేని మందు కాబట్టి గుండు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. హార్ట్ బ్రిగేడ్‌లో చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 500 దాటారు.

దాంతో బ్రిటిష్ వాళ్లు మనుషుల మధ్య ఎడం పెంచారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఎడం పెరిగితే కేక వినబడదు, చెప్పేవాడు లేని సైనికుడు నేలకు కరుచుకుపోతాడు.

మెషిన్ గన్ ఈ చిక్కును ఇంకా బిగించింది. నిమిషానికి సుమారు 500 గుళ్లు పేల్చడం ఒక్కటే దాని బలం కాదు. దూరం నుంచి కాల్చినప్పుడు దాని గుళ్లు సన్నగా, పొడవుగా ఉన్న నేలపట్టీ మీద పడతాయి. ఎదురుగా పెట్టి కాలిస్తే ఆ పట్టీ వరుసను అడ్డంగా కోస్తుంది, కొద్దిమందికే తగులుతుంది. పక్క నుంచి కాలిస్తే మొత్తం వరుస పట్టీలోకి వచ్చేస్తుంది. అంటే మనుషులను ఎడంగా నిలబెట్టినా, ఒకే గీత మీద నడిపిస్తే లాభం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యంలో ఒక్కరోజులో 19,240 మంది చనిపోయారు. మెషిన్ గన్లతో పాటు ఫిరంగులూ, తెగని ముళ్లకంచె కూడా అందుకు కారణాలే.

1917 ఫిబ్రవరిలో బ్రిటిష్ వాళ్లు ప్లటూన్‌నే, అంటే కొన్ని పదుల మంది ఉండే జట్టునే మార్చేశారు. రైఫిళ్లు, చేతి బాంబులు, రైఫిల్ గ్రెనేడ్లు, లూయిస్ గన్ అనే తేలికపాటి మెషిన్ గన్... ఒక్కోదానికి ఒక్కో సెక్షన్. ఎదురుగా మెషిన్ గన్ తగిలితే లూయిస్ గన్ సెక్షన్, రైఫిల్ గ్రెనేడ్ల సెక్షన్ దాన్ని తల ఎత్తనివ్వవు. ఆ సందులో మిగతావాళ్లు పక్క నుంచి చుట్టుకుని వస్తారు. ఎప్పుడు కదలాలో బ్రిగేడ్ జనరల్ చెప్పలేడు, అక్కడున్న లెఫ్టినెంటో కార్పొరలో తేల్చుకోవాలి. హార్ట్ డ్రిల్లుకీ దీనికీ మధ్య పద్దెనిమిదేళ్లయినా లేవు.

అయితే ఈ పద్ధతికీ హద్దుంది. ముందుగా మన ఫిరంగులు ముళ్లకంచెను తెంపి ఉండాలి. లూయిస్ గన్‌లోకి బురద చేరితే అది మొరాయిస్తుంది, అప్పుడు పక్క నుంచి చుట్టేవాళ్లకు అండ ఉండదు.