బాక్స్ నచ్చినా క్యాన్సిల్ ఎందుకు కొడుతున్నారు?

హోస్ట్: అక్కా, మీరు కూకట్‌పల్లి నుంచి నెలనెలా స్నాక్స్ బాక్స్ పంపిస్తారు గదా, సకినాలు, చేగోడీలు, పొడులు అట్లాంటివి. జనాలు ఎప్పుడు ఎక్కువ క్యాన్సిల్ కొడతారు?

అక్క: డబ్బులు కట్ అయ్యే ముందు రోజు. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్ ఉంది గదా, కార్డు ఆటోపేలో కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ పోవాలి. అది చాలా పొడిగా ఉంటది, రేపు ఇంత కట్ అవుతుంది అని, అంతే. మనోళ్లు అది చూడంగానే వంటింట్లోకి తొంగి చూస్తారు, డబ్బా ఖాళీ అయ్యి వారాలైంది, ఇంక ఈ నెల వద్దులే అనుకుంటారు.

హోస్ట్: అంటే బాక్స్ బాగోలేక కాదన్నమాట.

అక్క: కాదు! మాది 1న కట్ అయ్యేది, బాక్స్ 10కి చేరేది. మెసేజ్ వచ్చేసరికి ఇరవై రోజులు పాతబడిపోయేది. కట్ అయ్యే తేదీ మారుద్దామంటే పాత కస్టమర్లందరితో మళ్లీ పర్మిషన్ ఇప్పించుకోవాలి, అదొక తలనొప్పి, అందులోనే సగం మంది జారుకుంటారు. అందుకే పంపే తేదీ మార్చినం, ఇప్పుడు 26కి ఇంటికి చేరుతది, సకినాలు ఇంకా కరకరలాడుతుంటే మెసేజ్ వస్తది.

హోస్ట్: మరి లోపల పెట్టే సర్‌ప్రైజ్ గిఫ్ట్?

అక్క: మొదట ప్రతి నెలా ఒక చిన్న పొడి ప్యాకెట్ ఫ్రీగా వేసేవాళ్లం. కొన్నాళ్లకి అది సర్‌ప్రైజ్ కాదు, హక్కు అయిపోయింది, ఒక నెల ఆపితే "మా ప్యాకెట్ ఏది" అని వాట్సాప్‌లో గొడవ. ఇప్పుడు ప్రతి నెలా అనే లెక్క లేకుండా, వాళ్లు చెప్పిన మాట పట్టుకుని వేస్తాం. ఒకావిడ కారం మంట పుట్టిస్తుంది, పిల్లలు తినట్లేదు అని రాసింది, తర్వాతి బాక్స్‌లో పైనే కనపడేట్టు నువ్వుల లడ్డూలు రెండు, చీటీ మీద "ఇవి పిల్లలకి, కారం మీకే" అని. అడుగున పెడితే ఎవరూ చూడరు, మూత తీయంగానే కనపడాలి.

హోస్ట్: ఆ చీటీ కూడా పనిచేస్తుందంటారా?

అక్క: చేస్తది, కానీ "డియర్ వాల్యూడ్ కస్టమర్" అంటే చెత్తబుట్టలోకే. ఇంకోటి, బ్యాంకు మెసేజ్‌కి ముందే మనం ఒకటి పంపాలి, ఈసారి బాక్స్‌లో ఏం వస్తున్నయో, వద్దనుకుంటే ఒక నెల ఆపుకునే బటన్‌తో. ఆపుకునే దారి లేకపోతే పూర్తిగా క్యాన్సిలే.

హోస్ట్: ఇదంతా పనిచేస్తుందని ఎట్ల తెలుస్తది?

అక్క: కొత్త కస్టమర్లని సగం సగం చేసి, ఒక సగానికే లడ్డూ, చీటీ వేసి, రెండో మూడో కట్ ఎంతమందికి పడిందో చూడాలి. ఇన్‌స్టాలో రీల్స్ పడుతున్నాయని మురిసిపోవద్దు. బ్యాలెన్స్ లేక ఫెయిలైన వాళ్లని మాత్రం క్యాన్సిల్‌లో కలపకండి, వాళ్లకి లడ్డూ కాదు, ఇంకోసారి పేమెంట్ లింకు పంపాలి.