కోరా, రెడ్డిట్‌లో జవాబు ఇలా రాస్తే స్పామ్ అనరు: పలాస జీడిపప్పు షాపు ఉదాహరణతో

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి రికార్డ్ చేస్తున్నాను, ఏడు రోడ్ల జంక్షన్ పక్కనే. మధ్యలో హారన్లు వినిపిస్తాయి, సర్దుకుపోండి.

ఈరోజు వీడియోలో ఒకే ఒక్క జవాబు రాస్తాం. కోరాలో ఒక ప్రశ్న పట్టుకుని, దానికి జవాబు మొదటి లైను నుంచి చివరి లింకు వరకు రాద్దాం. షాపు మా బావగారిది, పలాస కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. అకౌంటు ఆయనదే, విషయం ఆయన చెప్తారు, నేను టైప్ చేస్తాను.

అకౌంటు తెరవడం మీకు వచ్చు, అది వదిలేస్తున్నాను. ప్రొఫైల్ ఫోటో పెట్టండి, షాపు లోగో కాదు, మనిషి ఫోటో. పేరు కింద పరిచయం లైను ఉంటుంది, చూడండి ఇక్కడ. "నాణ్యమైన జీడిపప్పుకు సంప్రదించండి" అని రాయకండి. "పలాసలో జీడిపప్పు వ్యాపారం" అంటే చాలు. ఫోన్ నంబరు అస్సలు వద్దు. సరే, ముందుకు.

ఇప్పుడు ప్రశ్న వెతకాలి. కోరా లోపల వెతకను, గూగుల్‌లోనే వెతుకుతాను. ఎందుకో చెప్తాను, ముందు ఇది చూడండి.

```
site:te.quora.com జీడిపప్పు
site:reddit.com cashew W240 W320
```

సైట్ పేరు ముందు స్పేస్ ఇవ్వకూడదు, కోలన్‌కు ఆనుకునే ఉండాలి. ఎంటర్. వచ్చాయి. గూగుల్‌లో పైకి వస్తున్న ప్రశ్నకు ముందు ముందు కూడా జనం వస్తారు. కోరా ఫీడ్‌లో ఈరోజు మెరిసిన ప్రశ్న రేపటికి కిందకి పోవచ్చు. అందుకే గూగుల్ దారి.

ఇక ఇందులో ఏది తీసుకోవాలి? "జీడిపప్పు ఆరోగ్యానికి మంచిదా?" వదిలేయండి, అక్కడ ఇప్పటికే పెద్ద జాతర. "ఆన్‌లైన్‌లో ఎక్కడ కొనాలి?" దీన్ని చూడగానే మన చేయి లాగుతుంది, కానీ అది కూడా వద్దు. అక్కడ అందరూ లింకులే పడేసి ఉంటారు, మనదీ వాటిలో ఒకటి అయిపోతుంది. మనం పట్టుకునేది ఇలాంటిది: "ప్యాకెట్ మీద W240, W320 అని ఉంటుంది, తేడా ఏమిటి, ఏది కొనాలి?" పాత జవాబులు రెండు లైన్లలో ఉన్నాయి, "పెద్ద సైజు, చిన్న సైజు" అని. అంతే. షాపులో కూర్చున్నవాడికి మాత్రమే తెలిసిన సంగతి ఇంకా ఎవరూ రాయలేదు. మన చోటు ఇదే.

రాద్దాం. నేను ఫోన్‌లో జీబోర్డ్ పెట్టి తెలుగులో మాట్లాడేస్తాను, అదే టైప్ అవుతుంది. గూగుల్ కీప్‌లో పడితే ల్యాప్‌టాప్‌లో తీసుకుంటాను. ఒత్తులు కొన్ని తప్పుతాయి, తర్వాత దిద్దుకోవచ్చు. కీబోర్డు మీద తెలుగు కొట్టడం కంటే నాకు ఇదే సుఖం.

మొదటి లైను: "నాకు పలాసలో జీడిపప్పు షాపు ఉంది, అది మనసులో పెట్టుకునే ఇది చదవండి." ఇది చివర్లో కాదు, మొదట్లోనే ఉండాలి. నేను అమ్ముతాను అని మనమే చెప్తే చదివేవాళ్ళు దాన్ని లెక్కలో వేసుకుని చదువుతారు. దాచిపెట్టి తర్వాత బయటపడితే ఆ జవాబులో ఎంత మంచి సంగతి ఉన్నా పనికిరాదు. Stack Exchange అనే ప్రశ్న-జవాబు సైట్లలో అయితే ఇది నియమమే. మీ సొంత సరుకు, సొంత సైటు గురించి చెబుతున్నప్పుడు మీకు దానితో సంబంధం ఉందని జవాబులోనే చెప్పాలి.

తర్వాత అసలు విషయం. బావ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. W అంటే తెల్లటి గుండు పప్పు. పక్కన ఉన్న నంబరు, ఒక పౌండుకు గరిష్ఠంగా ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. పౌండు అంటే 454 గ్రాములు. నంబరు చిన్నదైతే పప్పు పెద్దది. ఇక్కడితో ఆపేస్తే పాత జవాబులకూ మనదానికీ పెద్ద తేడా లేదు. కాబట్టి ఇంకో మెట్టు.

"ఇంట్లో 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. W180 అయితే 40 లోపు వస్తాయి. W240 అయితే 53 వరకు. W320 అయితే 70 వరకు. W240 ధర ఇచ్చి కొన్న ప్యాకెట్లో 70 లెక్కకు వస్తే, మీకు ఇచ్చింది W320."

చూశారా? ఇది చదివినవాళ్ళు మన మాట నమ్మక్కర్లేదు. వంటింట్లో తూకం ఉంటే వాళ్ళే చూసుకుంటారు. పైగా మన షాపు సరుకు మీద కూడా ఇదే పరీక్ష పెట్టుకోవచ్చు. ఒకటీ అరా అటూ ఇటూ అవుతాయని కూడా రాయండి, విరిగిన ముక్కలు కలిసి ఉంటే లెక్క మారుతుందని కూడా. అది రాయకపోతే రేపు 55 వచ్చినవాళ్ళు కింద కామెంట్లో పోట్లాటకు వస్తారు.

ఇప్పుడు "ఏది కొనాలి" అన్న భాగం. ఇక్కడ బావకీ నాకూ కాస్త వాదన అయింది. నేను రాసింది ఇది: "పాయసానికి, కూరలోకి, గ్రేవీకి నూరడానికి గుండు పప్పు అక్కర్లేదు, బద్దలు తీసుకోండి, ధర తక్కువ. W180 పెళ్ళి పళ్ళేల్లోకి, ఎవరికైనా ఇవ్వడానికి బాగుంటుంది." బావ చూసి, "బద్దలు కొనుక్కోమని మనమే చెప్తే గుండు ఎవడు కొంటాడ్రా?" అన్నారు. గుండు కావాల్సినవాళ్ళు ఎలాగూ గుండే కొంటారు బావా అన్నాను. బద్దలతో సరిపోయేవాళ్ళకి W180 అంటగడితే ఒక్కసారే కొంటారు. అక్కర్లేని ఖర్చు వద్దని చెప్పిన వాక్యం వల్లే ఆ జవాబు అమ్మకం జవాబులా కనిపించదు. ఆ లైను ఉంచేశాం.

ఇప్పుడు లింకు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువమంది జారేది ఇక్కడే.

ముందు ఒక పరీక్ష. లింకు తీసేసి జవాబు మొత్తం చదవండి. ప్రశ్నకు పూర్తి సమాధానం ఉందా? ఉంది. అప్పుడే లింకు పెట్టే హక్కు మనకు ఉంటుంది. "మిగతాది మా సైటులో చదవండి" అని సగంలో ఆపితే అది ఎర అని అందరికీ తెలుస్తుంది, రిపోర్టు కొడతారు.

రెండోది, లింకు ఎక్కడికి వెళ్ళాలి? షాపు మొదటి పేజీకి కాదు, కొనే పేజీకి అసలే కాదు. జవాబులో పట్టనిది ఏదైతే ఉందో ఆ పేజీకి. మా దగ్గర ఒక పేజీ ఉంది. ఒక్కో రకం పప్పు 100 గ్రాములు కాటా మీద పెట్టి తీసిన ఫోటోలు, పక్కపక్కనే. జవాబులో ఒక ఫోటో పెట్టాం, అన్నీ చూడాలంటే ఆ పేజీ. ఇది సరైన కారణం.

మూడోది, లింకు రూపం. చిన్న లింకులు తయారుచేసే సైట్లు వాడకండి. ఎక్కడికి తీసుకెళ్తుందో కనబడని లింకును స్పామ్ ఫిల్టర్లూ అనుమానిస్తాయి, మనుషులూ అనుమానిస్తారు. కానీ ఈ జవాబు నుంచి ఎంతమంది వచ్చారో మనకు తెలియాలి కదా. అందుకు లింకు చివర utm తోక తగిలిద్దాం, ఇలా:

```
https://example.com/grades?utm_source=quora&utm_medium=answer
```

example.com చోట మీ సైటు. ప్రశ్నార్థకం ఒక్కసారే, తర్వాత నుంచి & గుర్తు. అన్నీ చిన్న అక్షరాలే, ఎందుకంటే మన సైటుకు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూపే గూగుల్ అనలిటిక్స్ Quora అంటే ఒకటి, quora అంటే ఇంకొకటి అనుకుని రెండు వరుసలు చూపిస్తుంది. ఈ తోక లేకపోతే ఏమవుతుంది? ఫోన్ యాప్‌లోంచి వచ్చినవాళ్ళు చాలాసార్లు ఎక్కడి నుంచి వచ్చారో తెలియని Direct వరుస కింద పడిపోతారు, కోరా పని చేయలేదని మీరు మానేస్తారు.

ఇంత పొడుగు లింకు జవాబులో కనబడితే బాగోదు. కాబట్టి "తూకం ఫోటోలు" అన్న రెండు మాటలు సెలెక్ట్ చేసి Ctrl+K, లింకు పేస్ట్, అయిపోయింది. రెడ్డిట్‌లో మాత్రం నేను తోక పెట్టను. అక్కడ లింకు మీద మౌస్ పెట్టి చూసేవాళ్ళు ఎక్కువ, utm కనబడగానే మార్కెటింగ్ అనేస్తారు. అక్కడ లెక్క కొంచెం పోయినా ఫరవాలేదు, సాదా లింకే ఇవ్వండి.

గూగుల్ ర్యాంకు కోసం ఇదంతా చేస్తున్నాం అనుకుంటే ఆ ఆశ వదిలేయండి. ఇలాంటి సైట్లు బయటి లింకులకు సాధారణంగా nofollow తగిలిస్తాయి, అంటే ర్యాంకులో ఈ లింకును లెక్కేయొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు. 2019లో గూగుల్ జనం రాసిన లింకుల కోసం ugc అని ఇంకో గుర్తు కూడా ఇచ్చింది. చదివి క్లిక్ చేసే మనుషుల కోసమే రాస్తున్నాం.

పోస్ట్ కొట్టేశాను. అయిపోలేదు! ఇప్పుడు క్రోమ్‌లో Ctrl+Shift+N, ఇన్‌కాగ్నిటో విండో, ఇక్కడ మన లాగిన్ ఉండదు. ప్రశ్న లింకు ఇక్కడ తెరవండి. రెడ్డిట్‌లో ఇది తప్పనిసరి, ఎందుకంటే అక్కడ నియమాలు చూసే ఆటోమోడరేటర్ అనే బాట్ మీ కామెంటు తీసేసినా మీ స్క్రీన్ మీద మాత్రం అది ఉన్నట్టే కనబడవచ్చు. మీరు రాస్తూనే ఉంటారు, ఎవరూ చూడరు, ఎవరూ తిట్టరు కూడా. ఇన్‌కాగ్నిటోలో కనబడకపోతే పోయినట్టే. మళ్ళీ మళ్ళీ పోస్ట్ చేయకండి. ఆ గ్రూపు నియమాలు చదవండి, కొత్త అకౌంట్లను, లింకులను ఆపే చోట్లు చాలా ఉంటాయి. మర్యాదగా మోడరేటర్లకు మెసేజ్ పెట్టి అడగండి.

కోరా ఒక్కోసారి లాగిన్ అవ్వమంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా చూడండి. చూడడం వరకే. ఆ ఫోన్లోంచి అప్‌వోట్ కొట్టించకండి, మీ వదినతోనైనా సరే. సొంతవాళ్ళ చేత ఓట్లు వేయించుకోవడం ఈ సైట్లలో నిషేధం, అకౌంటు పోవచ్చు.

ఇంకొకటి. ఇదే జవాబును అలాంటి ఇంకో ఐదు ప్రశ్నలకు అతికించాలనిపిస్తుంది. విండోస్‌లో Win+V కొడితే పాత కాపీలు వస్తాయి, నాకు చాలా ఇష్టమైన షార్ట్‌కట్, కానీ ఇక్కడ దాని జోలికి వెళ్ళకండి. ఒకే పాఠం, ఒకే లింకు పదే పదే కనబడడమే స్పామ్‌కు మొదటి ఆనవాలు. "జీడిపప్పు కొంచెం గోధుమ రంగులో ఉంది, పాడైందా?" అని ఎవరో అడిగారు. దానికి కొత్తగా రాయాలి: వేడి ఎక్కువ తగిలిన గుండు పప్పుకు SW అని వేరే గ్రేడే ఉంది, తినడానికి ఇబ్బంది లేదు, కమురు వాసన వస్తే మాత్రం పారేయండి అని. ఇందులో లింకు అవసరం లేదు, పెట్టలేదు. రెడ్డిట్‌లో పాత లెక్క ఒకటి ఉంది, మీరు పెట్టేవాటిలో మీ సొంత సరుకు పదో వంతు మించకూడదని. నేను కోరాలో కూడా దాదాపు అదే పాటిస్తాను.

ధరలు జవాబులో రాయకండి, సీజన్‌తో మారతాయి, తర్వాత చదివినవాళ్ళు ఆ రేటుకే ఇవ్వమంటారు.

ఫలితం ఎక్కడ చూడాలి? అనలిటిక్స్‌లో Reports, Acquisition, Traffic acquisition. ఇక్కడ Session source / medium ఎంచుకుంటే quora / answer అని వరుస వస్తుంది. మొదటి వారంలో ఏమీ లేకపోతే కంగారు పడకండి, గూగుల్ నుంచి వచ్చేవాళ్ళు మెల్లగా మొదలవుతారు. వచ్చినవాళ్ళు ఫోటోల పేజీలో ఎంతసేపు ఉన్నారో అదే చూడండి.

ఈలోపు కింద కామెంటు వచ్చింది చూడండి: "మీ పలాసవాళ్ళు W320ని W240 అని అమ్మరా?" బావకి కోపం వచ్చింది. నేను రాయించింది ఇది: "అమ్మేవాళ్ళు ఎక్కడైనా ఉంటారండి, అందుకే తూచి లెక్కపెట్టమన్నాను. మా దగ్గర కొన్నా అలాగే చూసుకోండి." ఇక్కడ లింకు లేదు. రిప్లై కొట్టాను, బావ ఫోన్లో కోరా నోటిఫికేషన్లు ఆన్ చేశాను, సెట్టింగ్స్‌లో ఇదిగో ఇక్కడ ఉంటుంది.