హారం సున్నా అయితే అసింప్టోటేనా? ఒక్క k విలువతో తేలిపోయే సంగతి

[స్క్రీన్ మీద: f(x) = (x² + kx − 6) / (x − 2)]

ఈ లెక్క ఇచ్చి, k ఎంతైతే గ్రాఫ్‌లో నిలువు అసింప్టోట్ బదులు హోల్ వస్తుంది అని అడిగితే, చాలామంది ముందు హారం వైపే చూస్తారు. x = 2 దగ్గర హారం సున్నా, కాబట్టి అసింప్టోట్, అయిపోయింది అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. అలా అనేవాళ్లు లవం వైపు అసలు చూడనే లేదు.

లవాన్నీ హారాన్నీ పరుగెత్తే ఇద్దరు మనుషులనుకోండి. x మెల్లగా 2 వైపు వస్తుంటే హారం సున్నా అనే గీత వైపు పరుగెడుతుంది. లవం గీత దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతే, దాన్ని అంతకంతకూ చిన్నదవుతున్న సంఖ్యతో భాగిస్తాం కాబట్టి విలువ హద్దు లేకుండా పెరుగుతుంది. అదే అసింప్టోట్. ఇద్దరూ ఒకే ఊపులో గీత చేరితే, వాళ్ల నిష్పత్తి ఒక మామూలు సంఖ్య దగ్గర కుదురుకుంటుంది. అప్పుడే హోల్.

అంటే x = 2 దగ్గర లవం కూడా సున్నా కావాలి.

[స్క్రీన్ మీద: 4 + 2k − 6 = 0, k = 1]

ఇక్కడ ఇంకో తప్పు చేస్తారు. 0/0 వచ్చింది కాబట్టి జవాబే లేదని వదిలేస్తారు. x = 2 దగ్గర విలువ లేదన్నది నిజమే. కానీ మనకు కావాల్సింది ఆ చుట్టుపక్కల ఏం జరుగుతోందన్నది. k = 1 పెడితే లవం (x − 2)(x + 3) అవుతుంది. x − 2 కొట్టేస్తే x + 3 మిగులుతుంది. కొట్టేశాక కూడా x = 2 కాకూడదన్న షరతు అలాగే ఉంటుంది, దాన్ని మాత్రం మర్చిపోవద్దు. కాబట్టి గ్రాఫ్ ఒక సరళరేఖ, అందులో (2, 5) దగ్గర ఒక ఖాళీ చుక్క.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. k సరిగ్గా 1 కాకుండా 1.01 అయితే?

k ఏదైనా సరే, లవాన్ని x − 2 తో భాగించి చూడండి.

[స్క్రీన్ మీద: f(x) = x + k + 2 + (2k − 2)/(x − 2)]

ఆ 2k − 2 శేషం. మన పరుగులో, లవం గీతకు ఎంత దూరంలో ఆగిపోయిందో చెప్పేది అదే. k = 1.01 అయితే ఆ దూరం 0.02. చాలా తక్కువే. x = 2.1 దగ్గర f విలువ 5.31 వస్తుంది. k = 1 అయినప్పుడు అక్కడ 5.1, కాబట్టి దూరం నుంచి చూస్తే రెండు గ్రాఫ్‌లూ దాదాపు ఒకటే. ఇప్పుడు 2.001 దగ్గరకు వెళ్దాం. k = 1 అయితే 5.001, k = 1.01 అయితే 25.011! ఆ 0.02 దూరాన్ని 0.001 తో భాగిస్తే 20 వచ్చింది మరి. ఇంకా దగ్గరకు వెళ్తే ఇంకా పెరుగుతుంది. అందుకే గ్రాఫ్ గీసే యాప్‌లో గీత నున్నగా కనిపించిందని హోల్ అనేయకండి. శేషం సున్నానా కాదా, అదొక్కటే చూడండి.

ఇంకో అందమైన సంగతి. k = 0.99 చేస్తే శేషం −0.02. 2 కి కుడివైపు పైకి దూసుకెళ్లిన కొమ్మ ఇప్పుడు కిందికి పడుతుంది. పైకి వెళ్లడానికీ కిందికి పడడానికీ మధ్య సరిహద్దు k = 1. అక్కడ మాత్రమే ఆ కొమ్మ ఎటూ పోదు.

టైమ్ అయిపోతోంది, మిగిలిన రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను.

[స్క్రీన్ మీద: (x² + kx − 6) / (x − 2)²]

హారంలో వర్గం ఉంటే k = 1 సరిపోదు. లవం గీత చేరుతుంది కానీ హారం ఊపు వేరు, అది చాలా వేగంగా సున్నా అవుతుంది. ఒక x − 2 కొట్టేశాక (x + 3)/(x − 2) మిగులుతుంది, అసింప్టోట్ అలాగే ఉంటుంది. హోల్ కావాలంటే లవంలోనూ (x − 2)² ఉండాలి. దాని చివరి పదం +4, మన లవంలో −6. కాబట్టి ఇక్కడ ఏ k పెట్టినా హోల్ రాదు.

[స్క్రీన్ మీద: (x − 3) / (x² − 5x + k)]

k హారంలో ఉంటే, లవం సున్నా అయ్యే చోటు నుంచి మొదలుపెట్టండి. x = 3 దగ్గర హారం సున్నా కావాలి: 9 − 15 + k = 0, k = 6. హారం (x − 2)(x − 3), హోల్ (3, 1) దగ్గర. కానీ x = 2 దగ్గర లవం −1, గీతకు దూరంగానే ఆగిపోయింది. కాబట్టి ఒకే గ్రాఫ్‌లో హోల్ కూడా ఉంది, అసింప్టోట్ కూడా ఉంది.