శంకర్‌పల్లి దగ్గర ఎకరం పొలం: చూశాం, కొలిచాం, కొనాలా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌కు పడమట, శంకర్‌పల్లి దాటాక ఒక ఎకరం పొలం అమ్మకానికి వచ్చింది. ఎర్రనేల, చుట్టూ కంచె, ఒక బోరు, పక్కనే పాత మామిడితోట. వారాంతాల్లో ఉండటానికి చిన్న ఇల్లు కట్టుకుందామని మా బంధువులు అడిగితే నేను వెళ్లి చూసి వచ్చాను. ఈ వీడియోలో ఆ పొలం గురించే చెబుతాను.

మధ్యవర్తి మొదట చెప్పిన మాట, "నాలా అయిపోయింది సార్, రేపే ఇల్లు మొదలుపెట్టొచ్చు" అని. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. నాలా అంటే ఈ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చారని మాత్రమే అర్థం. అది ఇంటి పర్మిషనూ కాదు, లేఅవుట్ అనుమతీ కాదు. ఇల్లు కట్టాలంటే హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో చూడాలి. శంకర్‌పల్లి మండలంలో కొన్ని గ్రామాలు, జంట జలాశయాల రక్షణ కోసం కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో పరిధిలోవి కాబట్టి ఊరి పేరును ఆ జాబితాతో సరిచూసుకోవాలి. ఇంకోటి, నాలా ప్రొసీడింగ్స్ కాగితం అడిగి తీసుకుని, అందులోని సర్వే నంబర్, విస్తీర్ణం చదవండి. ఈ ఎకరం కాగితంలో ఉన్నది 10 గుంటలే! మిగతా 30 గుంటలు ఇంకా వ్యవసాయ భూమే. అది తప్పు కాదు. కానీ వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో, నాలా అయిన భాగం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. అంటే రెండు దస్తావేజులు అవుతాయి. మధ్యవర్తి ఈ సంగతి చెప్పలేదు.

ఇక దారి. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. తారురోడ్డు నుంచి పొలం దాకా 20 అడుగుల మట్టిబాట ఉంది, కారు హాయిగా వెళ్లింది. కానీ గ్రామ నక్ష తెప్పించి చూస్తే అక్కడ ఏ బాటా లేదు. పొలానికీ రోడ్డుకూ మధ్య ఇంకో రైతు పట్టా భూమి ఉంది. ఇప్పుడు ఆయన మంచితనం కొద్దీ వెళ్లనిస్తున్నారు, అంతే. ఆ దారి పొడవు సుమారు 350 అడుగులు. 20 అడుగుల వెడల్పుతో లెక్కేస్తే 7,000 చదరపు అడుగులు, అంటే దాదాపు ఆరున్నర గుంటలు. రేపు ఆయన పిల్లలు పొలం పంచుకుంటే, ఆరున్నర గుంటలు ఊరికే వదులుకుంటారా? అందుకే నోటిమాట, తెల్లకాగితం మీద సంతకం చాలవు. ఆ రైతు దారి హక్కు రాసిచ్చి రిజిస్టర్ చేయాలి, లేదా ఆ మేరకు భూమిని అమ్మాలి. మన దస్తావేజు హద్దుల్లో కూడా ఆ వైపు బాట అని రాయించాలి. సర్వేయర్‌తో కొలిపించి, రాళ్లు పాతించాకే డబ్బు ఇవ్వాలి.

నీళ్ల సంగతికి వద్దాం. మోటార్ వేయగానే "రెండు ఇంచుల నీళ్లు" అని చూపించారు. మన దగ్గర కింద ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లు ఎక్కువగా రాతి పగుళ్లలోనే ఉంటాయి కాబట్టి, బోరులో నిలిచిన నీళ్లు మొదట జోరుగా వస్తాయి. ఆ జోరు చూసి నమ్మకూడదు. నేను 200 లీటర్ల డ్రమ్ము పెట్టి కొలిచాను. మొదట 100 సెకన్లలో నిండింది. మోటార్ ఆపకుండా రెండు గంటలు నడిపాక అదే డ్రమ్ము నిండటానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి 50 లీటర్లు, గంటకు 3,000 లీటర్లు. ఆ తర్వాత ఇంకో గంట నడిపినా తగ్గలేదు, అది మంచి గుర్తు. ఈ పొలంలో 60 మామిడి చెట్లు పెట్టుకుంటే, వాటికి డ్రిప్‌తో ఎండాకాలంలో చెట్టుకు 60 లీటర్ల చొప్పున 3,600, ఇంటికి వెయ్యి అనుకుంటే రోజుకు రెండు గంటల లోపే సరిపోతుంది. వరి, పెద్ద లాన్, స్విమ్మింగ్ పూల్ మాత్రం ఈ బోరు మీద పెట్టుకోకండి. నేను వెళ్లింది జనవరిలో. మేలో ఈ నీళ్లు ఉంటాయా అని పక్క తోట కాపలాదారుని అడిగితే, పోయిన ఏప్రిల్‌లో తమ బోరు గంటకోసారి ఆగిందని చెప్పాడు. కాబట్టి వేసవిలో మళ్లీ ఈ కొలత తీయాల్సిందే.

నా రివ్యూ ఇది: నేల బాగుంది, నీళ్లు తోటకు చాలవచ్చు, నాలా భాగం సరిచూసుకుంటే ఫర్వాలేదు. దారి తేలకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వొద్దని మా వాళ్లకు గట్టిగా చెప్పాను. దారి ఎవరి పట్టా భూమిలో ఉందో ఆ రైతు దగ్గరికి కూడా వెళ్లాం. తన ఇద్దరు కొడుకులతో మాట్లాడి చెబుతానన్నారు. ఆయన జవాబు వచ్చాక, మేలో డ్రమ్ము పట్టుకుని మళ్లీ వెళ్లి, కొలిచి చూపిస్తాను.