గళ్ల చొక్కాలో ముందు రెండు పీసులు కలవాలంటే ఎలా కత్తిరించాలి?

[స్క్రీన్ మీద: గళ్ల చొక్కా ముందుభాగం, బాగా దగ్గరగా. కాజా పట్టీ అంచు పక్కన సన్నటి ఎర్ర గీత]

నమస్కారం. ఈ చొక్కా చూడండి. కుట్టు నీట్‌గానే ఉంది, కాలర్ బాగా కూర్చుంది. కానీ గుండీలు పెట్టగానే కాజా పట్టీ అంచును ఆనుకుని ఒక సన్నటి ఎర్ర గీత పైనుంచి కిందదాకా కనిపిస్తోంది. మిగతా చొక్కా అంతా ఎర్ర చార అర సెంటీమీటరు వెడల్పు ఉంది. ఇక్కడ మాత్రం అందులో సగమే. కుట్టేటప్పుడు గుడ్డ జరిగిందేమో అనుకుంటాం. అలా జరగలేదు. గుడ్డను రెండు మడతలు వేసి, ముందు పీసులు రెండూ ఒకే కత్తెరతో కోసినప్పుడే ఇది ఖాయమైపోయింది.

[బల్ల మీద పరిచిన గుడ్డ, పక్కన టేపు]

ఇదే ఆ గుడ్డ. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తీసుకున్న కాటన్ షర్టింగ్. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. మనం మామూలుగా అంగుళాల్లో కొలుస్తాం కదా, ఈ పనికి మాత్రం టేపు తిప్పి సెంటీమీటర్లలో చూద్దాం. చిన్న కొలతలు తేలిగ్గా చదవొచ్చు.

గుడ్డ మంచి వైపు పైకి ఉంది. ఎడమ నుంచి కుడికి నిలువు చారలు చూడండి. నీలం 1 సెంటీమీటరు, తెలుపు 1, ఎరుపు అర, మళ్లీ తెలుపు 1.5. మొత్తం 4. ఆ తర్వాత మళ్లీ నీలం మొదలవుతుంది. ఈ 4 సెంటీమీటర్లూ ఒక రిపీట్. అడ్డం చారలకు వేరే రిపీట్ ఉంది, అది 5 సెంటీమీటర్లు.

ఇప్పుడు నీలం చార మీద వేలు పెట్టండి. కుడివైపు వెళ్తే 1 సెంటీమీటరు తెలుపు దాటగానే ఎరుపు వస్తుంది. ఎడమవైపు వెళ్తే 1.5 దాటాలి. అంటే ఈ గడి రెండు వైపులా ఒకేలా లేదు. గుడ్డను మడిచి కోస్తే ఒక పీసు రెండోదానికి అద్దంలో బొమ్మలా వస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే గళ్లకు అది చెల్లుతుంది. ఈ గడికి చెల్లదు.

[కాగితం ప్యాటర్న్, గుండీల గీత మీద ఎర్ర పెన్ను]

మగవాళ్ల చొక్కాలో ఎడమ పీసు పైకి వస్తుంది. గుండీలు పడే గీతను నడిమి గీత అందాం. రెండు పీసుల మీదా నడిమి గీత ఉంటుంది, గుండీ పెట్టినప్పుడు ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మన కాజా పట్టీ వెడల్పు 3.5 సెంటీమీటర్లు. కాబట్టి నడిమి గీత దాటి 1.75 సెంటీమీటర్ల దూరంలో పట్టీ అంచు వస్తుంది. కలపాల్సింది నడిమి గీతల్ని. చాలామంది కోసిన అంచులు పక్కపక్కన పెట్టి కలిశాయా అని చూస్తారు. ఆ అంచు లోపలికి మడిచేది, బయట కనిపించనే కనిపించదు.

నేను నడిమి గీతను నీలం చార సరిగ్గా మధ్యలో పెడుతున్నాను. ఎందుకంటే గుండీల వరుస ముదురు చార మీద పడితే బాగుంటుంది, కొలవడమూ సులువు. చొక్కా వేసుకున్న మనిషి మనకు ఎదురుగా ఉన్నాడనుకోండి. నడిమి గీత నుంచి మన ఎడమవైపుకు అర సెంటీమీటరు నీలం, ఆ తర్వాత 1.5 తెలుపు. పట్టీ అంచు 1.75 దగ్గర, అంటే తెలుపులో ముగుస్తుంది. కింద ఉన్న కుడి పీసులో మిగతా పావు సెంటీమీటరు తెలుపు కనిపించి, ఎరుపు నిండుగా మొదలవుతుంది. అతుకు తెలుపులో కలిసిపోయింది.

మడిచి కోసిన చొక్కాలో కుడి పీసు తిరగబడి ఉంది. అక్కడ నీలం తర్వాత 1 సెంటీమీటరుకే ఎరుపు వచ్చేసింది. నడిమి గీత నుంచి లెక్కేస్తే 1.5 నుంచి 2 దాకా ఎరుపు. పట్టీ అంచు 1.75 దగ్గర దాన్ని సగం కప్పేసింది. మిగిలిన పావు సెంటీమీటరే మొదట మనం చూసిన గీత.

[గుడ్డ ఒకే పొర. ప్యాటర్న్ పెట్టి, చాక్‌తో గీయడం]

అందుకని ఒకే పొర మీద, మంచి వైపు పైకి పెట్టి కోస్తాం. ముందు ఎడమ పీసు. ప్యాటర్న్ నడిమి గీతను నీలం మధ్యలో ఉంచి, చంక కింద కుట్టు పడే చోట ఏ అడ్డం చార ఉందో కాగితం మీద పెన్సిల్‌తో గీసుకోండి. తర్వాత కాగితం తిరగేసి, ఇంకో నీలం చార మీద నడిమి గీత ఆనించి, పెన్సిల్ గుర్తు కూడా అదే రకం అడ్డం చార మీదకు వచ్చేలా పైకో కిందికో జరపండి. ఇలా జరపడానికే గుడ్డ ఎక్కువ కావాలి. 5 సెంటీమీటర్ల రిపీట్‌కు చొక్కా మొత్తం మీద అర మీటరు అదనంగా తీసుకుంటే టెన్షన్ ఉండదు.

కోసిన ఎడమ పీసును తిరగేసి గుడ్డ మీద పరిచి, అన్ని చారలూ కలిశాయా అని చూడకండి. ఈ రకం గడిలో నడిమి గీతా, అడ్డం చారలూ మాత్రమే కలుస్తాయి. మిగతా నిలువు చారలు కలవవు, కలిశాయంటే పీసు తప్పుగా ఉన్నట్టు.

కాజా పట్టీని విడిగా కోసి అతికిస్తే ఇంకో కుట్టు దగ్గర కూడా చారలు కలపాలి. గళ్ల గుడ్డకు నేను అలా చేయను. పీసుతో పాటే పట్టీకి కూడా వదిలి, లోపలికి మడిచేస్తాను. పైన చారలు తెగవు.

[రెండు పీసులు గుండీ పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి]

కుట్టే ముందు పట్టీలు మడిచి ఇస్త్రీ చేసి, ఎడమ పీసును కుడి పీసు మీద పెట్టి గుండుసూదులు గుచ్చి చూడండి. తేడా ఉంటే ఇక్కడే తెలుస్తుంది.

జేబు ఇప్పుడే కోయాలి, ముందు కాదు. బటర్ పేపర్ మీద జేబు ఆకారం గీసి, మడత గీతలు కూడా వేసి, ఎడమ పీసు మీద జేబు వచ్చే చోట పెట్టండి. కింద కనిపించే చారల్ని కాగితం మీదకు ఎక్కించండి. ఆ కాగితాన్ని మిగిలిన గుడ్డ మీద చారలకు చార కలిపి, చుట్టూ మడతకు వదిలి కోయండి. కలవాల్సింది మడిచాక వచ్చే అంచు దగ్గర.

పక్క కుట్టులో అడ్డం చారలు మాత్రం కలుపుతాం. అందుకు వెనక పీసు కోసేటప్పుడు కూడా చంక కింద అదే గుర్తు వాడండి. కుట్టు కొంచెం వాలుగా ఉంటుంది కాబట్టి నిలువు చారలు అక్కడ కలవవు, వదిలేయండి. ఆడవాళ్ల షర్టులో ఛాతీ దగ్గర పక్క నుంచి డార్ట్ ఉంటే కింది అంచు నుంచి డార్ట్ దాకా కలుస్తాయి, పైన తప్పుతాయి. అది కోతలో లోపం కాదు.

మిషన్ మీద కింది పొర పళ్లకు పట్టుబడి ముందుకెళ్తుంది, పై పొర వెనకబడుతుంది. ప్రతి ముదురు చార దగ్గరా గుండుసూదిని పై చారలోంచి కింది చారలోకి గుచ్చండి, లేదా కచ్చా కుట్టు వేసుకోండి.

[పోచంపల్లి ఇక్కత్ గుడ్డ]

పోచంపల్లి ఇక్కత్ కొంటే ఇదే లెక్క, కొంచెం మార్పుతో. నూలుకు ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు అలుక్కుపోయినట్టుంటాయి, ఒక పువ్వుకూ ఇంకోదానికీ పొడవులో కాస్త తేడా ఉండొచ్చు. పువ్వు మధ్యలోకి నడిమి గీత రావాలంటే రెండు నిండు పువ్వులు ఖర్చవుతాయి, ఎడమ పీసుకు ఒకటి, కుడి పీసుకు ఒకటి. ఆ రెండింటినీ అడ్డంగా ఒకే వరుసలోంచి తీసుకోండి. కింది వరుసలోంచి తీస్తే నేతలో తేడా గుండీల దగ్గర బయటపడుతుంది.